స్కాలర్‌షిప్, ఎడ్యుకేషన్ లోన్, ఫెలోషిప్: ఏది తిరిగి కట్టాలి, దేనికి ఏ షరతు? తరచుగా అడిగే ప్రశ్నలు

బీటెక్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్, అమెరికాలో ఎంఎస్‌కు బ్యాంకు లోన్, లేదా ఇక్కడే పీహెచ్‌డీ చేస్తే జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్. మన ఇళ్ళలో ఒకే మనిషి చదువులో ఈ మూడూ రావడం మామూలే. అప్లికేషన్ పెట్టేటప్పుడు అందరూ ఎంత వస్తుందనే చూస్తారు. చదువు మధ్యలో ఆగిపోతే, ఉద్యోగం ఆలస్యమైతే, ఇంకో చోట మంచి అవకాశం వస్తే ఈ డబ్బు సంగతి ఏమిటన్నది మాత్రం సంతకం పెట్టాకే గుర్తొస్తుంది. కింది జవాబులన్నీ ఎక్కువగా ఆ కోణంలోనే ఉన్నాయి.

ఈ మూడింటికీ అసలు తేడా ఏమిటి?

స్కాలర్‌షిప్ చదువు ఖర్చుకు ఇచ్చే సాయం. పెట్టిన షరతులు పాటించినంత వరకు దాన్ని తిరిగి అడగరు. ఆ షరతులు ఎక్కువగా ఆదాయం, హాజరు, మార్కుల గురించి ఉంటాయి.

ఎడ్యుకేషన్ లోన్ అప్పు. పాసైనా ఫెయిలైనా, ఉద్యోగం వచ్చినా రాకపోయినా కట్టాలి. బ్యాంకు మీ హాజరు గురించి పట్టించుకోదు, మీరు ఎక్కడ ఉద్యోగం చేయాలో కూడా చెప్పదు. దానికి కావలసింది నెల నెలా కిస్తీ.

ఫెలోషిప్ మీ సమయానికి ఇచ్చే డబ్బు. పరిశోధనో, బోధనో, ఒక సంస్థలో పనో పూర్తికాలం చేయాలి. తిరిగి కట్టక్కర్లేదు గానీ, అది తీసుకుంటున్న కాలంలో ఇంకో జీతం తీసుకోకూడదు. ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఈ చివరి షరతు దగ్గరే.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్‌లో చేరాను. రెండో ఏడాదిలో మానేస్తే ప్రభుత్వానికి ఆ డబ్బు తిరిగి కట్టాలా?

నిజాయితీగా అర్హత ఉండి తీసుకుని, తరువాత చదువు మానేసినంత మాత్రాన అప్పటివరకు వచ్చిన ఫీజును ప్రభుత్వం మీ నుంచి వసూలు చేయదు. తప్పుడు ఆదాయ ధ్రువపత్రం పెట్టి తీసుకున్నట్టు తేలితే మాత్రం మొత్తం రాబడతారు, కేసు కూడా పెట్టవచ్చు.

చిక్కు వచ్చేది కాలేజీతో. తెలంగాణలో ఇంజినీరింగ్‌కు ఈఏపీసెట్‌లో, అంటే పాత ఎంసెట్‌లో, పది వేల లోపు ర్యాంకు ఉన్నవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. మిగతావాళ్ళకు ఏడాదికి 35,000 వరకే వస్తుంది, మిగిలింది జేబులోంచి కట్టాలి. కన్వీనర్ కోటాలో సీటు వచ్చినవాళ్ళకే ఈ పథకం, మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. హాజరు 75 శాతం ఉండాలి. హాజరు తగ్గితే ఆ ఏడాది ఫీజు ప్రభుత్వం నుంచి రాదు, అప్పుడు కాలేజీ దాన్ని మీ దగ్గరే అడుగుతుంది.

ప్రభుత్వం విడుదల చేయడం ఆలస్యమైనప్పుడు కూడా కాలేజీలు ఇదే మాట అంటాయి: "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం వేశాక తిరిగి ఇస్తాం." అలా కట్టాల్సి వస్తే, రీయింబర్స్‌మెంట్ రాగానే తిరిగి ఇస్తామని రాసిన రసీదు తీసుకోండి. telanganaepass.cgg.gov.in లో మీ అప్లికేషన్ స్థితి చూసి, మంజూరైందని ఉన్న పేజీ దాచుకోండి. బకాయి ఉందని చెప్పి ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకోవడం సరికాదు. కాలేజీలు ఒరిజినల్స్ ఉంచుకోకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. మాటలతో కాకుండా ఆ నోటిఫికేషన్‌ను ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడగండి. ఆ ఉత్తరం కాపీ తరువాత మీకు పనికొస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ డబ్బు కొన్నేళ్ళు తల్లుల ఖాతాలో పడింది. ఆ కాలంలో కాలేజీకి కట్టాల్సిన బాధ్యత కుటుంబానిదే. తల్లి ఖాతాలో పడ్డ డబ్బు ఇంటి అవసరాలకు ఖర్చయిపోయి, చివరి ఏడాదిలో బకాయి కింద బయటపడ్డ ఇళ్ళు ఉన్నాయి. ఆ ఏళ్ళ బకాయి గురించి కాలేజీ అడిగితే, ముందు బ్యాంకు పాస్‌బుక్‌లో ఏ విడత ఎప్పుడు పడిందో రాసుకుని అప్పుడు మాట్లాడండి.

కేంద్ర స్కాలర్‌షిప్ ఒకసారి వస్తే చదువు అయ్యేదాకా వస్తూనే ఉంటుందా?

రాదు. ప్రతి ఏడాది రెన్యువల్ చేసుకోవాలి. ఇంటర్ మార్కుల మీద ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్‌లో డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 వస్తాయి. కుటుంబ ఆదాయం 4.5 లక్షలకు మించకూడదు. రెన్యువల్‌కు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. scholarships.gov.in లో గడువులోగా రెన్యువల్ పెట్టకపోతే, కాలేజీ నోడల్ అధికారి వెరిఫై చేయకపోతే, ఆ ఏడాది డబ్బు పోయినట్టే. తిరిగి కట్టాల్సింది ఏమీ ఉండదు, రావాల్సింది రాదు, అంతే. ఆధార్‌తో బ్యాంకు ఖాతా లింకు సరిగా లేక ఆగిపోయే కేసులు చాలా ఎక్కువ, అది ముందే చూసుకోండి.

ఒకే కాలంలో రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు తీసుకోకూడదు. పోర్టల్ ఆధార్‌తో నడుస్తుంది కాబట్టి ఇది దొరికిపోతుంది. దొరికితే ఒకటి తిరిగి కట్టించుకుంటారు.

స్కాలర్‌షిప్ అని పేరున్నా తిరిగి కట్టాల్సినవి ఉంటాయా?

ఉంటాయి. జంషెడ్జీ టాటా 1892లో పెట్టిన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది లోన్ స్కాలర్‌షిప్. విదేశాల్లో ఉన్నత చదువులకు ఇస్తారు, తిరిగి కట్టాలి. కె.సి. మహీంద్రా ట్రస్టు ఇచ్చేది కూడా అలాంటిదే. దానికి వడ్డీ లేదు గానీ అసలు తిరిగి ఇవ్వాలి. రెండూ మంచి పథకాలే, బ్యాంకు లోన్‌తో పోలిస్తే భారం చాలా తక్కువ. కాకపోతే ఇంట్లో లెక్క వేసేటప్పుడు వీటిని "వచ్చిన డబ్బు" అన్న వరుసలో కాకుండా "కట్టాల్సిన డబ్బు" అన్న వరుసలో రాసుకోవాలి.

డబ్బు అడగకుండా మిమ్మల్నే తిరిగి రమ్మనేవి ఇంకొన్ని ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వ చెవెనింగ్ స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్ళు చదువయ్యాక స్వదేశానికి వచ్చి కనీసం రెండేళ్ళు ఉండాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మీద అమెరికా వెళ్ళేవాళ్ళకు జె-1 వీసాతో రెండేళ్ళ స్వదేశ నివాస నిబంధన వస్తుంది. ఆ రెండేళ్ళు ఇండియాలో గడపకుండా, లేదా మినహాయింపు దొరకకుండా హెచ్-1బీ గానీ గ్రీన్ కార్డు గానీ రాదు. మధ్యలో ఎఫ్-1 వీసాకు మారి ఇంకో డిగ్రీ చేసినా ఆ షరతు తీరిపోదు. ఎంఎస్ చేసి అక్కడే ఉద్యోగం చేద్దామనుకునేవాళ్ళకు ఇది పెద్ద విషయం. ఖర్చులేని చదువు అని చేరి, ఉద్యోగం వచ్చాక ఈ సంగతి తెలుసుకుని తల పట్టుకునేవాళ్ళు ఉంటారు. ఇక్కడికే తిరిగి వచ్చి పనిచేద్దామనుకునేవాళ్ళకు ఈ షరతు అసలు భారమే కాదు.

తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 20 లక్షల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వస్తే లోన్ అవసరం లేదా?

దాదాపు అందరికీ అవసరం ఉంటుంది. కారణం డబ్బు వచ్చే సమయం. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధిలో 20 లక్షలు రెండు విడతలుగా ఇస్తారు. మొదటి పది లక్షలు మీరు ఆ దేశంలో దిగి, అక్కడికి చేరినట్టు ఇమిగ్రేషన్ పత్రాలు పంపాక. రెండో పది లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు పంపాక. యూనివర్సిటీ వీసాకు కావలసిన ఐ-20 పత్రం ఇవ్వడానికి, కాన్సులేట్ వీసా ఇవ్వడానికి మాత్రం ముందే డబ్బు చూపించాలి. మొదటి సెమిస్టర్ ఫీజు కూడా వెళ్ళగానే కట్టాలి. అందుకని బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్‌తో వెళ్ళి, స్కాలర్‌షిప్ వచ్చాక దాన్ని లోన్ ఖాతాలో వేయడం మామూలుగా జరిగే పద్ధతి.

ఆ డబ్బు పడగానే లోన్‌లో వేయాలన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇంట్లో ఉన్న వేరే అప్పు తీర్చడానికో, ఇల్లు పూర్తి చేయడానికో వాడేస్తే, పిల్లవాడి పేరు మీద లోన్ పూర్తిగా అలాగే మిగిలిపోతుంది.

లోన్ మీద చదువుకునే కాలంలో వడ్డీ పడదు కదా?

పడుతుంది. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే కాబట్టి లెక్కతో చెప్తాను.

బ్యాంకుల సంఘం ఐబీఏ నమూనా పథకం ప్రకారం కోర్సు కాలం, ఆ తరువాత ఒక ఏడాది మారటోరియం. ఆ కాలంలో కిస్తీ కట్టక్కర్లేదు. కానీ లోన్ విడుదలైన రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. మారటోరియం కాలానికి సాధారణ వడ్డీ వేసి, అది ముగిశాక అసలుకు కలిపి, ఆ మొత్తం మీద ఈఎంఐ నిర్ణయిస్తారు.

కరీంనగర్ నుంచి ఎంఎస్‌కు వెళ్ళిన ఒక విద్యార్థి 20 లక్షలు తీసుకున్నాడనుకుందాం. వడ్డీ 11 శాతం. మొదటి ఏడాది ఆగస్టులో పది లక్షలు, రెండో ఏడాది ఆగస్టులో పది లక్షలు విడుదలయ్యాయి. కోర్సు రెండేళ్ళు, మారటోరియం ఇంకో ఏడాది. మొదటి పది లక్షల మీద మూడేళ్ళకు 3.3 లక్షల వడ్డీ, రెండో పది లక్షల మీద రెండేళ్ళకు 2.2 లక్షలు. కిస్తీ మొదలయ్యే నాటికి అతని బాకీ 25.5 లక్షలు. పదేళ్ళలో తీరేలా ఈఎంఐ పెట్టుకుంటే నెలకు సుమారు 35,100 రూపాయలు. పదేళ్ళలో కట్టేది మొత్తం 42 లక్షల పైచిలుకు.

అదే కుటుంబం చదువుకునే కాలంలో వడ్డీ వరకు నెల నెలా కట్టిందనుకోండి. మొదటి ఏడాది నెలకు సుమారు 9,170, తరువాతి రెండేళ్ళు నెలకు 18,330 చొప్పున. అప్పుడు ఈఎంఐ 20 లక్షల మీదే మొదలవుతుంది, నెలకు సుమారు 27,550. మొత్తం కట్టేది, మధ్యలో కట్టిన వడ్డీతో కలిపి, 38.6 లక్షల దాకా. అంటే దాదాపు మూడున్నర లక్షలు మిగులుతాయి. చదువుకునే కాలంలోనే వడ్డీ కడితే కొన్ని బ్యాంకులు ఆ కాలానికి ఒక శాతం వడ్డీ తగ్గిస్తాయి కూడా. పూర్తిగా కట్టలేకపోతే కట్టగలిగినంత కట్టినా లాభమే.

బ్యాంకు కాకుండా ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకుంటే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: మారటోరియంలో సాధారణ వడ్డీనా, చక్రవడ్డీనా? వడ్డీని నెల నెలా అసలుకు కలిపేస్తే పై లెక్కలో 25.5 లక్షలు ఉన్న చోట అంతకంటే ఎక్కువ వస్తుంది. కొన్ని కంపెనీలు చదువుకునే కాలంలోనూ కొంత వడ్డీ కట్టి తీరాలంటాయి. నోటితో చెప్పిన జవాబు సరిపోదు, శాంక్షన్ లెటర్‌లో ఏముందో చూడాలి.

మా నాన్న పొలం తాకట్టు పెట్టి లోన్ తీసుకోవచ్చా?

చాలా బ్యాంకులు ఒప్పుకోవు. బాకీ కట్టనప్పుడు కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకులకు వీలిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే బ్యాంకులు ఇల్లు, అపార్ట్‌మెంట్, లేఅవుట్ అనుమతులున్న ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ అడుగుతాయి. నాలుగెకరాలున్న రైతు కొడుక్కి దొరకని లోన్, టౌన్‌లో చిన్న ఇల్లున్నవాడికి దొరకడానికి కారణం ఇదే. ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

నమూనా పథకంలో 7.5 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. ఆ పైన అడుగుతారు. దేశంలోనే మంచి ర్యాంకు ఉన్న సంస్థల్లో చేరినవాళ్ళకు 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా లోన్ ఇస్తారు. pmvidyalaxmi.co.in లో అప్లై చేయాలి. విదేశీ చదువులకు ఇది వర్తించదు.

తాకట్టు ఉన్నా లేకపోయినా, తల్లి గానీ తండ్రి గానీ లోన్‌లో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టడం మామూలు. ఆ సంతకానికి అర్థం సాక్షి అని కాదు. పిల్లవాడు కట్టకపోతే బ్యాంకు మొదటి రోజు నుంచే వాళ్ళను కూడా అడగవచ్చు. వరుసగా 90 రోజులు కిస్తీ ఆగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. అప్పుడు సిబిల్ స్కోరు పిల్లవాడిదే కాదు, తండ్రిది కూడా పడిపోతుంది. ఆ తరువాత చెల్లెలి చదువుకు లోన్ అడిగితే బ్యాంకు వెనక్కి తగ్గేది ఆ స్కోరు చూసే.

ప్రభుత్వం వడ్డీ కడుతుందని విన్నాం. అది ఎవరికి?

దేశంలో చదివేవాళ్ళకు, పది లక్షల వరకు లోన్‌కు, మారటోరియం కాలంలో మాత్రమే. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, గుర్తింపు ఉన్న సంస్థలో టెక్నికల్ లేదా ప్రొఫెషనల్ కోర్సు చదివితే ఆ కాలపు వడ్డీ పూర్తిగా ప్రభుత్వం కడుతుంది. పీఎం విద్యాలక్ష్మిలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ తీసుకుంటుంటే ఆ రాయితీ రాదు. కాబట్టి ఏది ఎక్కువ లాభమో లెక్క వేసుకుని ఒకటి ఎంచుకోవాలి.

చదువు మధ్యలో మానేస్తే, లేదా క్రమశిక్షణ చర్య కింద కాలేజీ తీసేస్తే ఈ రాయితీ పోతుంది. అనారోగ్యం కారణంగా మానేసి, ఆధారాలు చూపిస్తే మినహాయింపు ఉంటుంది. కాబట్టి అనారోగ్యంతో ఆగాల్సి వస్తే ఆస్పత్రి కాగితాలు, కాలేజీకి పెట్టిన లెటర్ కాపీ పారేయకండి.

లోన్ మీద చదువుతూ మధ్యలో వచ్చేస్తే ఏం జరుగుతుంది?

పైన చెప్పిన విద్యార్థి మొదటి ఏడాది తరువాత వచ్చేశాడనుకోండి. రెండో విడత విడుదల కాదు కాబట్టి బాకీ పది లక్షలు, దాని మీద 1.1 లక్షల వడ్డీ. మారటోరియం కోర్సుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, కోర్సు ఆగిపోయిందని బ్యాంకుకు తెలిశాక కిస్తీలు ముందే మొదలుపెట్టమనవచ్చు. ఇంకా రెండేళ్ళు టైముందని ఇంట్లోవాళ్ళు అనుకుంటుండగా నోటీసు వస్తే కంగారు పడతారు. అందుకని తిరిగి వచ్చిన వారంలోనే బ్రాంచికి వెళ్ళి, పరిస్థితి రాసిచ్చి, కిస్తీ ఎప్పటి నుంచి ఎంత అన్నది రాతపూర్వకంగా తెచ్చుకోండి.

చదువు పూర్తయి ఉద్యోగం రాకపోతే వేరు. ఐబీఏ నమూనా పథకంలో ఉద్యోగం లేని కాలానికి కిస్తీలు కొంతకాలం ఆపుకునే వెసులుబాటు ఉంది, తీర్చే గడువును 15 ఏళ్ళ దాకా పెంచుకోవచ్చు. ఇవి అడిగితే వస్తాయి, వాటంతట అవి రావు. రెండు కిస్తీలు తప్పాక అడిగితే కష్టం, తప్పకముందే అడగాలి. అమెరికాలో ఎంఎస్ చేసినవాళ్ళకు చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతిలో మొదటి ఏడాది, మారటోరియం చివరి ఏడాది దాదాపు ఒకటే కాలం. ఆ ఏడాదిలో ఉద్యోగం దొరకలేదంటే కిస్తీ మొదలయ్యే తేదీకి కనీసం మూడు నెలల ముందే బ్యాంకుతో మాట్లాడటం మంచిది.

జేఆర్‌ఎఫ్ వచ్చింది. తీసుకున్న డబ్బుకు బదులుగా ఎన్నేళ్ళు పనిచేయాలి?

తరువాత ఎక్కడా పనిచేయాల్సిన బాండు ఏమీ లేదు. బాధ్యత అంతా తీసుకుంటున్న కాలంలోనే. యూజీసీ నెట్ జేఆర్‌ఎఫ్ కింద 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా, అంటే సీనియర్ ఫెలోగా, 42,000 ఇస్తున్నారు. హాస్టల్ గది లేకపోతే ఇంటి అద్దె భత్యం, పుస్తకాలు, ప్రయాణాల వంటి వాటికి ఏడాదికి కంటింజెన్సీ కూడా ఉంటాయి. మొత్తం కలిపి అయిదేళ్ళు.

దీనికి మీరు పూర్తికాలం పరిశోధన చేయాలి. మీరు ఆ నెల పనిచేశారని యూనివర్సిటీ ప్రతి నెలా పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరణ ఒక నెల పడకపోతే ఆ నెల డబ్బు ఆగుతుంది. గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ సంతకం, అకడమిక్ సెక్షన్ క్లర్క్, ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో కనుక్కోవడం రీసెర్చ్ స్కాలర్ల నెలవారీ టెన్షన్. రెండేళ్ళు అయ్యాక నిపుణుల కమిటీ మీ పనిని చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు సిఫార్సు చేయాలి. ఆ కమిటీ కూర్చోవడం ఆలస్యమైతే పాత రేటే వస్తుంటుంది, తరువాత బకాయిలు రావాలి. రెండేళ్ళు నిండే ముందే గైడ్‌ను అడిగి తేదీ పెట్టించుకోండి.

జేఆర్‌ఎఫ్ తీసుకుంటూ గెస్ట్ లెక్చరర్‌గా చేయవచ్చా? ఉద్యోగం వస్తే వదిలేయవచ్చా?

జీతం తీసుకునే ఉద్యోగం చేయకూడదు, వేరే ఫెలోషిప్ కూడా తీసుకోకూడదు. సాయంత్రం పూట జూనియర్ కాలేజీలో చెప్తే ఎవరికి తెలుస్తుంది అనుకుంటారు. కానీ టీడీఎస్ కోసం మీ పాన్ ఇస్తే అది ఆదాయపు పన్ను రికార్డులో కనపడుతుంది. రెండూ తీసుకున్న కాలానికి ఫెలోషిప్ తిరిగి కట్టించుకుంటారు, రద్దు చేయడం కూడా వాళ్ళ చేతిలో ఉంది.

వదిలేయడం మీ ఇష్టం. డిగ్రీ లెక్చరర్ ఉద్యోగమో, గ్రూప్స్ ఉద్యోగమో వస్తే వెళ్ళవచ్చు. అంతకుముందు వచ్చిన డబ్బు అడగరు. కానీ చేరే తేదీ ముందే గైడ్‌కు, యూనివర్సిటీకి రాసివ్వాలి. సాధారణంగా జరిగే పొరపాటు ఇది: ఒకరు నెల 10న ఉద్యోగంలో చేరతారు, యూనివర్సిటీ మామూలుగానే ఆ నెలకు, తరువాతి నెలకు ధ్రువీకరణ పెట్టేస్తుంది, డబ్బు పడుతుంది. ఏడాది తరువాత థీసిస్ సమర్పించడానికి నో డ్యూస్ అడిగితే ఆ రెండు నెలల డబ్బు బయటపడుతుంది. పొరపాటున పడితే ఖర్చు పెట్టకుండా వెంటనే రాసి, తిరిగి కట్టేసి, రసీదు దాచుకోండి. పీహెచ్‌డీ మాత్రం పార్ట్ టైమ్‌గా కొనసాగించుకోవచ్చా అన్నది యూనివర్సిటీ నిబంధనల మీద ఆధారపడి ఉంటుంది.

మహిళా స్కాలర్లకు ఒక మాట. 2022 యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో మొత్తం కోర్సు కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. సెలవు పెట్టాలంటే ఫెలోషిప్ వదులుకోవాలని ఎవరైనా అంటే నమ్మకండి.

గేట్ మీద ఎంటెక్‌లో వచ్చే నెలసరి డబ్బు, టీచ్ ఫర్ ఇండియా లాంటి ఫెలోషిప్ కూడా ఇలాంటివేనా?

ఎంటెక్‌కు నెలకు 12,400 వస్తుంది, దానికి వారంలో కొన్ని గంటలు ల్యాబ్, ట్యుటోరియల్ పనుల్లో సాయపడాలి. చేరేటప్పుడు కొన్ని సంస్థలు, మధ్యలో మానేస్తే తిరిగి కడతానన్న అండర్‌టేకింగ్ తీసుకుంటాయి. కౌన్సెలింగ్ హడావుడిలో చాలా మంది చదవకుండా సంతకం పెట్టే కాగితం అదే. మొదటి సెమిస్టర్‌లోనే ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగం వస్తే వెళ్ళిపోదామనుకునేవాళ్ళు దాన్ని తప్పకుండా చదవాలి. టీచ్ ఫర్ ఇండియాలో రెండేళ్ళు పూర్తికాలం బడిలో పాఠాలు చెప్పాలి. అది చదువుకు ఇచ్చే సాయం కాదు, జీతంతో పని.

వీటి మీద ఆదాయపు పన్ను కట్టాలా?

చదువు ఖర్చుకు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు పన్ను మినహాయింపు ఉంది. లోన్ అప్పు కాబట్టి ఆదాయం కాదు. లోన్ తిరిగి కట్టేటప్పుడు వడ్డీకి మినహాయింపు దొరుకుతుంది, వడ్డీ కట్టడం మొదలైన ఏడాది నుంచి గరిష్ఠంగా ఎనిమిదేళ్ళు. అసలుకు లేదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకే అది. బంధువు దగ్గరో, చిట్టీ మీదో తెచ్చిన డబ్బుకు వర్తించదు.

లోన్ పూర్తిగా కట్టేశాం. ఇంకేమైనా తీసుకోవాలా?

నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. తాకట్టు పెట్టి ఉంటే ఒరిజినల్ దస్తావేజులు తిరిగి తీసుకుని, సబ్ రిజిస్ట్రార్ దగ్గర తాకట్టు నమోదై ఉంటే దాన్ని తొలగించారో లేదో ఈసీ తీసి చూసుకోండి. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఉంది, అది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. బ్యాంకు వైపు నుంచి ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి. బ్రాంచిలో "వచ్చే వారం రండి" అంటే, కట్టేసిన తేదీ, దస్తావేజుల వివరాలతో ఒక లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రెండు నెలల తరువాత సిబిల్ రిపోర్టు తెరిచి, విద్యార్థి పేరు మీదా సహ రుణగ్రహీత పేరు మీదా ఆ లోన్ క్లోజ్ అయినట్టు ఉందో లేదో చూడండి.